హెయిర్ డై పడలేదా, నగ పడలేదా, క్రీము పడలేదా? ప్యాచ్ టెస్ట్‌తో కారణం తేల్చుకునే పద్ధతి

ఆదివారం ఉదయం తలకు రంగు వేసుకున్నారు. ఆ రోజంతా ఏమీ లేదు. సోమవారం సాయంత్రానికి చెవుల వెనక, మెడ మీద దురద మొదలైంది. మంగళవారం నిద్ర లేచేసరికి కనురెప్పలు ఉబ్బిపోయి కళ్లు సగమే తెరుచుకుంటున్నాయి. నుదుటి మీద జుట్టు అంచు వెంబడి చర్మం ఎర్రగా తేలి, అక్కడక్కడా రసి కారుతోంది.

46 ఏళ్ల ఈమెకు రంగు మీద అనుమానమే లేదు. పదకొండేళ్లుగా అదే కంపెనీ, అదే రంగు. నాలుగు రోజుల కిందట కొన్న ఫేస్ క్రీమే ఇదంతా చేసిందని దాన్ని పక్కన పడేశారు. ఇంకో సంగతి కూడా ఉంది. పెళ్లిళ్లకు వన్ గ్రామ్ గోల్డ్ సెట్టు పెట్టుకున్న ప్రతిసారీ చెవి తమ్మెలు, మెడ వెనక కొక్కెం తగిలేచోటు దురద పెడతాయి. అంటే అనుమానితులు ముగ్గురు: రంగు, నగ, క్రీము.

ఇది ఒక్క మనిషి కథ కాదు, చాలామందిలో కనిపించే తీరును కలిపి అల్లిన ఉదాహరణ. చివరిదాకా ఈమెనే వెంటబెట్టుకుని వెళ్దాం. ఏ దశలో ఏం చేయాలో, ఎక్కడ పొరబాటు జరుగుతుందో అప్పుడు సులువుగా అర్థమవుతుంది.

పదకొండేళ్లు పడినది ఇప్పుడెందుకు పడలేదు?

ఇది వేరుశనగ తిన్న పది నిమిషాలకు ఒళ్లంతా దద్దుర్లు లేచే రకం అలర్జీ కాదు. అక్కడ పనిచేసేవి రక్తంలోని యాంటీబాడీలు. ఇక్కడ పనిచేసేవి టీ కణాలనే తెల్ల రక్తకణాలు. నగల్లోని నికెల్ అనే లోహం గానీ, రంగులోని రసాయనం గానీ చర్మంలోకి ఇంకినప్పుడు అక్కడి కాపలా కణాలు దాన్ని పట్టుకుని లింఫు గ్రంథుల దాకా మోసుకెళ్లి చూపిస్తాయి. ఒంటికి అది శత్రువని తోస్తే, దాన్ని గుర్తుపట్టే టీ కణాలు తయారవుతాయి. ఇందుకు సుమారు 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ మలుపు మొదటిసారి వాడినప్పుడే రావచ్చు, ఇరవయ్యోసారి రావచ్చు, పదకొండో ఏట రావచ్చు. ఒకసారి వచ్చాక ఆ జ్ఞాపకం దాదాపు జీవితాంతం ఉంటుంది. ఆపైన అదే వస్తువు తగిలితే 24 నుంచి 72 గంటల్లో చర్మం లేస్తుంది.

ఈ ఆలస్యమే మనల్ని తికమక పెడుతుంది. మంగళవారం ముఖం ఉబ్బితే మనసు సోమవారం వాడినవాటి మీదికి పోతుందే తప్ప ఆదివారం మీదికి పోదు. పైగా పాతదాన్ని నమ్ముతాం, కొత్తదాన్ని అనుమానిస్తాం. రక్తపరీక్షలో ఐజీఈ అనే యాంటీబాడీని చూసి ఈ అలర్జీకి కారణం చెప్పలేరు. ముంజేతి మీద సూదితో గీరి 20 నిమిషాల్లో చూసే పరీక్షా దీనికి పనికిరాదు. ఆలస్యంగా వచ్చే అలర్జీకి ఆలస్యంగా చదివే పరీక్షే కావాలి. అదే ప్యాచ్ టెస్ట్. 1895లో జోసెఫ్ యాడాసోన్ అనే చర్మవైద్యుడు గ్రాజ్ నగరంలో జరిగిన సమావేశంలో దీన్ని మొదటిసారి వివరించాడు. సూత్రం ఇప్పటికీ మారలేదు: అనుమానం ఉన్న పదార్థాన్ని, సరిగ్గా కొలిచి, వీపు మీద చిన్న చోట తగిలించి, అదే దద్దుర్లు అక్కడ బుల్లి ఆకారంలో వస్తాయేమో చూడటం.

తగిలిన ప్రతి మంటా అలర్జీ కాదని కూడా గుర్తుంచుకోవాలి. ఘాటైన బ్లీచు, పెరాక్సైడు, పదే పదే సబ్బు వాడటం చర్మాన్ని నేరుగా గాయపరుస్తాయి. అది రాపిడి లాంటి దెబ్బ. వెంటనే మండుతుంది, తగిలిన చోటే ఉంటుంది, ఎక్కువ సేపు ఉంచితే ఎవరికైనా వస్తుంది. అలర్జీలో మంటకన్నా దురద ఎక్కువ. ఒకటి రెండు రోజులు ఆగి వస్తుంది, తగిలిన గీత దాటి చుట్టుపక్కలకు పాకుతుంది.

మొదటి పని: ఎక్కడ లేచింది, ఎప్పుడు లేచింది అన్నది రాసుకోవడం

డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు ఒక కాగితం మీద రెండు వారాల లెక్క వెనక్కి రాయండి. ఏ రోజు ఏం రాసుకున్నారు, ఏం పెట్టుకున్నారు, ఏ రోజు ఎక్కడ దురద మొదలైంది. ఫోనులో ముఖం, మెడ, చెవులు పగటి వెలుతురులో ఫొటో తీసి ఉంచండి. పరీక్ష రోజుకు మచ్చలు మాయమైనా డాక్టరుకు ఆ ఫొటోలే ఆధారం.

లేచిన చోటు చాలా చెబుతుంది, కానీ నేరుగా చెప్పదు. హెయిర్ డై పడనివారిలో తల మాడు మీద పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు. మాడు చర్మం మందంగా ఉండి తట్టుకుంటుంది. రంగు, కడిగిన నీళ్లు కారిన చోట్ల ఉన్న పలచటి చర్మమే ముందు లేస్తుంది: కనురెప్పలు, చెవుల పైభాగం, చెవుల వెనక, జుట్టు అంచు, మెడ. అందుకే రంగు తలకు వేసుకుంటే రోగం కళ్లకు వచ్చినట్టు ఉంటుంది. మగవారిలో మీసానికి, గడ్డానికి వేసుకుంటే పై పెదవి, బుగ్గలు లేస్తాయి.

నికెల్ తన ఆకారాన్నే గీసి వెళ్తుంది. చెవి తమ్మె, మెడ వెనక కొక్కెం చోటు, వాచీ బకిల్ కింద మణికట్టు, జీన్స్ గుండీ తగిలే బొడ్డు కింది చోటు, పుస్తెల తాడుకు గుచ్చుకున్న పిన్నీసులు ఆనే గుండె భాగం. వేసవిలో, చెమట పట్టినప్పుడు ఎక్కువవుతుంది. చెమటలోని ఉప్పు లోహం నుంచి నికెల్‌ను కరిగించి చర్మానికి అందిస్తుంది. చెవులు కుట్టించుకున్నప్పుడు పెట్టిన నాసిరకం కమ్మలతోనే చాలామందికి ఈ అలర్జీ మొదలవుతుంది.

క్రీములు, పౌడర్లు, లిప్‌స్టిక్‌ల వల్ల అయితే ముఖం రెండు వైపులా మచ్చలు మచ్చలుగా లేస్తుంది. బొట్టుబిళ్ల జిగురు నుదుటి నడుమ గుండ్రంగా గుర్తు పెడుతుంది. ఆ జిగురులోని పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ రకం రెజిన్ వల్ల కొందరిలో దురదతో పాటు తెల్లమచ్చ కూడా పడుతుంది. మన చర్మంలో ఇంకొకటి జరుగుతుంది. దురద పెద్దగా లేకుండానే నుదురు, కణతలు, మెడ నెమ్మదిగా బూడిద గోధుమ రంగుకు కంగిపోతాయి. దాన్ని మంగు అనుకుని ఏళ్ల తరబడి తెల్లబరిచే క్రీములు రాస్తారు. రంగు వేసుకునే అలవాటు ఉన్నవారికి ముఖం ఇలా కంగుతుంటే ప్యాచ్ టెస్ట్ అడగాల్సిందే.

పల్లెల్లో, ఊరి శివార్లలో ఉండేవారికి మరో అనుమానితుడు కూడా ఉంది: వయ్యారిభామ మొక్క. దాని పొడి గాలిలో ఎగిరి ముఖం, మెడ, మోచేతి మడతలను లేపుతుంది, కనురెప్పలనూ వదలదు. పొలానికి వెళ్లొచ్చిన రోజుల్లో ఎక్కువవుతుందా అన్నది ఆ కాగితం మీద రాయండి.

రెండో పని: ముందు మంట చల్లార్చడం, వస్తువులు దాచడం

తలకు ఇంకా రంగు ఉంటే ఎక్కువ నీళ్లతో, మామూలు షాంపూతో రెండు మూడుసార్లు కడగండి. గుండు చేయించుకోనక్కర లేదు. రంగులోని చిన్న అణువులు పెరాక్సైడుతో కలిసి వెంట్రుకలోకి వెళ్లి, అక్కడ పెద్ద రంగు అణువులుగా మారిపోతాయి. చర్మాన్ని లేపేవి ఆ మార్పు జరుగుతుండగా ఉండే చిన్న అణువులే. పూర్తిగా మారి, బాగా కడిగిన జుట్టు సాధారణంగా ఇబ్బంది పెట్టదు.

చల్లని నీటిలో తడిపి పిండిన మెత్తటి గుడ్డను 10-15 నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు కళ్ల మీద, నుదుటి మీద వేస్తే రసి, వాపు తగ్గుతాయి. నిమ్మరసం, వేపాకు పసుపు ముద్ద, బామ్ వద్దు. తెగిన చర్మానికి అవన్నీ ఇంకో దెబ్బ. మందుల షాపులో అడిగితే ఇచ్చే, స్టీరాయిడ్ యాంటీబయాటిక్ యాంటీఫంగల్ మూడూ కలిపిన ట్యూబులు ముఖానికి మరీ వద్దు. మొదట తగ్గించినట్టే ఉంటాయి. మానగానే ముఖం మరింత ఎర్రబడుతుంది. వాటిలో ఉండే నియోమైసిన్ అనే యాంటీబయాటికే కొందరికి పడదు. కనురెప్పలకు ఎంత బలమైన స్టీరాయిడ్, ఎన్ని రోజులు అన్నది డాక్టరే చెప్పాలి. కళ్లు పూర్తిగా మూసుకుపోయినా, జ్వరం, చీము కనిపించినా అదే రోజు వెళ్లాలి. రంగు వేసుకున్న గంటలోపే ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం, కళ్లు తిరగడం వస్తే అది వేరే రకం, అరుదైన అలర్జీ. అప్పుడు నేరుగా అత్యవసర విభాగానికే.

ఈమె చేసినట్టు క్రీము డబ్బా పారేయకూడదు. రంగు పెట్టె, అందులోని కాగితం, క్రీము, కుంకుమ, బొట్టుబిళ్లల అట్ట, షాంపూ, తలనూనె, వన్ గ్రామ్ సెట్టు అన్నీ ఒక కవరులో వేసి ఉంచండి. పరీక్ష రోజు అవన్నీ కావాలి.

"మళ్లీ కొంచెం రాసి చూద్దాం, నిజంగా అదేనేమో తేలుతుంది" అనే ఆలోచన రంగు విషయంలో చాలా ప్రమాదం. పెట్టె మీద ఉండే 48 గంటల ముందస్తు పరీక్ష ఇంతవరకు ఏమీ రానివారికి ఉద్దేశించినది. ఒకసారి ముఖం ఉబ్బినవారు చెవి వెనక చుక్క పెట్టినా పెద్దగా లేవవచ్చు.

మూడో పని: పరీక్షకు రోజు కుదుర్చుకోవడం

దద్దుర్లు పూర్తిగా తగ్గి, వీపు చర్మం శుభ్రంగా ఉన్నాకే ప్యాచ్ టెస్ట్. సాధారణంగా రెండు మూడు వారాలు ఆగుతారు. ఒళ్లు మండుతుండగా పెడితే వీపు మొత్తం ఉలిక్కిపడి, పెట్టిన ప్రతి పదార్థానికీ లేచినట్టు కనిపిస్తుంది. ఏది నిజమో, ఏది కాదో తెలియదు.

మందుల సంగతి ముందే డాక్టరుతో మాట్లాడాలి. స్టీరాయిడ్ మాత్రలు, ముఖ్యంగా రోజుకు 20 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్ దాటితే, నిజమైన అలర్జీని కూడా కప్పేస్తాయి. నెలరోజుల దాకా పనిచేసే స్టీరాయిడ్ ఇంజక్షన్ ఏదైనా చేయించుకుంటే దాన్నీ చెప్పాలి. వేరే జబ్బుకు వాడుతున్న స్టీరాయిడ్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపకండి. వీపుకు స్టీరాయిడ్ క్రీము వారం ముందు నుంచి రాయకూడదు. సెట్రిజిన్ లాంటి దురద మాత్రలు టీ కణాల పనిని పెద్దగా అడ్డుకోవు, వాటితో చిక్కు లేదు. వీపుకు గట్టిగా ఎండ తగిలి కమిలి ఉంటే నాలుగు వారాలు ఆగడం మంచిది. గర్భిణులకు సాధారణంగా ప్రసవం అయ్యాక పెడతారు.

మన దగ్గర ఇంకొక లెక్క కూడా వేసుకోవాలి: చెమట. ఏప్రిల్, మే నెలల్లో పట్టీలు చెమటకు ఊడి వస్తాయి. ఊడిన పట్టీ కింద అలర్జీ ఉన్నా లేనట్టే కనిపిస్తుంది. అత్యవసరం కాకపోతే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టించుకోండి. ఇక వారంలో ఏ రోజు? సోమవారం పెడితే బుధవారం తీస్తారు, శుక్రవారం మళ్లీ చూస్తారు, మరుసటి సోమవారం ఇంకోసారి. బుధవారం పెడితే శుక్రవారం తీయడం వరకు బాగానే ఉంటుంది గానీ, అసలు ముఖ్యమైన రెండో చదువు ఆదివారం సెలవులో పోతుంది.

నాలుగో పని: సోమవారం నుంచి సోమవారం దాకా

వీపు పైభాగం, వెన్నెముకకు రెండు పక్కలా, నూనె లేకుండా పొడిగా ఉండాలి. ఆ రోజు తలంటుకుని, నూనె, పౌడరు రాయకుండా వెళ్లండి. ముందుకు గుండీలున్న పాత చొక్కా వేసుకుంటే సౌకర్యం. పట్టీల గుర్తులకు వాడే ఇంకు బట్టలకు అంటుతుంది.

ఒక్కో పట్టీ మీద 8 మి.మీ. వెడల్పున్న చిన్న అల్యూమినియం గిన్నెలు వరుసలుగా ఉంటాయి. ఒక్కో గిన్నెలో వాసెలిన్‌లో కలిపిన ఒక్కో పదార్థాన్ని సుమారు 20 మి.గ్రా. వేస్తారు. చూడటానికి మిరియపు గింజంత. నీటిలో కరిగేవాటిని వడపోత కాగితం బిళ్ల మీద 15 మైక్రోలీటర్లు వేస్తారు. ఎక్కువ వేస్తే అంచులు దాటి పక్క గిన్నెలోకి కారుతుంది, తక్కువ వేస్తే చర్మానికి సరిగా అందదు. బలం కూడా లెక్కే: రంగులోని పారాఫెనిలీన్‌డయమీన్, అంటే పీపీడీ, 1 శాతం. నికెల్ సల్ఫేట్ 5 శాతం. మన దేశంలో వాడే ఇండియన్ స్టాండర్డ్ సిరీస్‌లో ఈ రెండింటితో పాటు కోబాల్ట్, క్రోమియం, సుగంధాల మిశ్రమం, నియోమైసిన్, రబ్బరు రసాయనాలు, వయ్యారిభామ లాంటివి ఉంటాయి. ఒక గిన్నెలో ఉత్త వాసెలిన్ ఉంటుంది. అది లేస్తే పట్టీయే పడలేదని అర్థం. ముఖం మీద అనుమానం ఉంటే కాస్మెటిక్స్, సుగంధాల సిరీస్ కూడా పెట్టమని అడగండి. స్టాండర్డ్ ఒక్కటే పెడితే క్రీముల్లోని నిల్వ రసాయనాలు కొన్ని తప్పించుకుపోతాయి.

తెచ్చిన వస్తువుల్లో రాసి ఉంచుకునే క్రీము, లిప్‌స్టిక్, కుంకుమ లాంటివాటిని ఉన్నదున్నట్టు పెట్టవచ్చు. షాంపూ, ఫేస్‌వాష్ అలా పెడితే ఎవరికైనా వీపు మండుతుంది. వాటిని బాగా పలచన చేయాలి. కలిపిన హెయిర్ డైని మూసిన గిన్నెలో పెట్టకూడదు. దానికి బదులుగానే 1 శాతం పీపీడీ. ముఖం భయంకరంగా ఉబ్బిన చరిత్ర ఉంటే ముందే చెప్పండి. ఇంకా పలచన చేసి గానీ, తక్కువ గంటలు ఉంచి గానీ మొదలుపెడతారు.

పెట్టాక 48 గంటలు వీపు తడవకూడదు. ఒళ్లు తుడుచుకోవచ్చు గానీ వీపు మీద నీళ్లు పోసుకోకూడదు. బరువులెత్తడం, పరుగు, వంటింట్లో గంటల తరబడి చెమటోడ్చడం వద్దు. దురద పెట్టినా వీపును గోడకు రుద్దకండి. పట్టీ మూల లేస్తే ఇంట్లోవాళ్లు మైక్రోపోర్ టేపుతో పైనుంచి నొక్కి అంటించవచ్చు. ఒకే చోట భరించలేనంత మంట పుడితే కేంద్రానికి ఫోను చేసి, ఆ గిన్నె వరకు తీయించుకోండి. మొత్తం పీకేయకండి.

బుధవారం పట్టీ తీసి, ఏ గిన్నె ఎక్కడ ఉందో చర్మం మీద గుర్తు పెట్టి, టేపు ఒత్తిడి ఎరుపు పోవడానికి అరగంట నుంచి గంట ఆగి చూస్తారు. తీసిన వెంటనే చదివితే ఆ ఒత్తిడి ఎరుపే అలర్జీలా మోసం చేస్తుంది. శుక్రవారం చూసేది బుధవారం చూసినదానికన్నా ముఖ్యం. బుధవారం అనుమానంగా ఉన్నది అప్పటికి తేలిపోతుంది: అలర్జీ అయితే పెరుగుతుంది, ఉత్త మంట అయితే వాడిపోతుంది. నియోమైసిన్, కొన్ని స్టీరాయిడ్‌లు మరీ ఆలస్యంగా లేస్తాయి కాబట్టి వారం తరవాత చూపు కూడా వదలకూడదు. ఆ గుర్తులు చెరిగిపోకుండా మరుసటి సోమవారం దాకా వీపును సబ్బుతో రుద్దకండి.

ఐదో పని: ఫలితం చదవడం

చామనఛాయ వీపు మీద ఎరుపు సరిగా కనిపించదు. ముదురు చాయలో ఊదారంగు నీడలా ఉంటుంది. పీపీడీ గిన్నె చోట నల్లటి మరక కూడా ఉండొచ్చు. అందుకే అనుభవం ఉన్నవారు పక్కనుంచి దీపం వేసి, వేలితో తడిమి చూస్తారు. చర్మం కింద గట్టిగా, చిన్న నాణెం దాచినట్టు తగిలితే అలర్జీ. ఉత్త ఎరుపు, వాపు లేకపోతే సందేహం, దాన్ని ప్రశ్నార్థకంతో రాస్తారు. ఎరుపుతో గట్టి వాపు ఉంటే ఒక ప్లస్. దాని మీద చిన్న చిన్న నీటి పొక్కులు తేలితే రెండు. పొక్కులు కలిసిపోయి బుడగైతే మూడు. గిన్నె అంచు వెంబడే ఖచ్చితంగా గీసినట్టు ఎరుపు, మధ్యలో కాలినట్టు మెరుపు ఉంటే అది ఒరిపిడి మంట, అలర్జీ కాదు.

మన ఉదాహరణలోని ఈమె వీపు మీద ఇలా కనిపించింది. పీపీడీ దగ్గర బుధవారం రెండు ప్లస్‌లు, శుక్రవారానికి మూడు. నికెల్ దగ్గర బుధవారం సందేహం, శుక్రవారం ఒక ప్లస్. సుగంధాల మిశ్రమం దగ్గర బుధవారం పలచటి ఎరుపు, శుక్రవారం ఏమీ లేదు. తెచ్చిన క్రీము, అదృష్టవశాత్తూ చెత్తబుట్టలోంచి తిరిగి దొరికింది, ఉన్నదున్నట్టు పెడితే ఏమీ లేవలేదు. వయ్యారిభామ ఖాళీ.

చాలామంది రిపోర్టు చేతికి రాగానే పని అయిపోయిందనుకుంటారు. అసలు పని ఇప్పుడే మొదలు. ప్లస్ వచ్చిందంటే ఒంటికి ఆ పదార్థం అంటే పడదని మాత్రమే. ఈసారి ముఖం లేపింది అదేనా అన్నది వేరే ప్రశ్న. ఈమె రంగు పెట్టె వెనక పదార్థాల జాబితాలో పీపీడీ ఉంది. రంగు వేసుకున్న 36 గంటలకు, రంగు కారిన చోట్లే లేచింది. మూడూ సరిపోయాయి కాబట్టి ముఖం సంగతి తేలింది. నికెల్ కూడా నిజమే, కానీ అది ముఖాన్ని లేపలేదు. చెవి తమ్మెలు, మెడ వెనక పాత దురదకు అదే కారణం. ఒక్క మనిషికి రెండు అలర్జీలు, రెండూ వేర్వేరు చోట్ల.

క్రీము విషయంలో ఇంకా కొంచెం అనుమానం మిగిలితే ఇంట్లోనే తీర్చుకునే మార్గం ఒకటుంది. దీన్ని రాసి ఉంచుకునే క్రీములకే వాడాలి, రంగుకు ఎప్పుడూ కాదు. మోచేతి లోపలి మడత దగ్గర 5 సెం.మీ. చదరపు చోట, శనగగింజంత క్రీము, రోజుకు రెండుసార్లు, 14 రోజులు. దురదతో చిన్న గింజలు లేస్తే ఆపి డాక్టరుకు చూపాలి. మొదటి నాలుగు రోజులు బాగుంటే సరిపోయిందని మధ్యలో ఆపకండి, తక్కువ మోతాదు అలర్జీ రెండో వారంలో బయటపడవచ్చు. ఈమె చేతి మీద 14 రోజులు ఏమీ రాలేదు. క్రీము తిరిగి ముఖానికి వచ్చింది.

ఈ పరీక్షకూ పరిమితులున్నాయి. వీపు చర్మం కనురెప్పంత పలచన కాదు కాబట్టి కొన్ని చిన్న అలర్జీలు దొరకకుండా పోతాయి. గిన్నెలో లేని పదార్థం గురించి పరీక్ష ఏమీ చెప్పలేదు. ఎండ తగిలితేనే లేచేవాటికి వేరే పద్ధతి, ఫొటో ప్యాచ్ టెస్ట్ ఉంది. బాగా లేచిన చోట నెలల తరబడి నల్లమచ్చ ఉండిపోవచ్చు. 10 రోజుల తరవాత కొత్తగా ఏదైనా చోటు లేస్తే అశ్రద్ధ చేయకుండా చూపించాలి. చాలా అరుదుగా, పరీక్షే ఆ పదార్థాన్ని ఒంటికి కొత్తగా పరిచయం చేసి ఉండొచ్చు.

ఆరో పని: తేలాక ఇంట్లో ఏం మార్చాలి

పీపీడీ తేలినవారికి "అమోనియా లేదు" అన్న మాట ఏ భరోసా ఇవ్వదు. అమోనియా, పీపీడీ రెండూ వేర్వేరు పదార్థాలు. "హెర్బల్" కూడా అంతే. పెట్టె ముందువైపు ఆకులు ముద్రించి ఉన్నా వెనకవైపు చిన్న అక్షరాల్లో చూడాల్సినవి ఇవి: పారాఫెనిలీన్‌డయమీన్, టోలుయిన్ డయమీన్, పారా అమైనోఫినాల్. వీటిలో ఏది ఉన్నా వద్దు. రెండోదీ మూడోదీ పీపీడీ చుట్టాలే. పదార్థాల జాబితానే లేని పొడి, సాచె అసలు ముట్టుకోవద్దు.

నల్ల హెన్నా విషయంలో మరీ జాగ్రత్త. గోరింటాకు ఆకులో సహజంగా ఉండేది నారింజ ఎరుపే. గంటలో నల్లగా పండుతుందని చెప్పే పొడి, జాతరల్లో చేతికి పెట్టే నల్ల మెహందీ కోన్ అంటే అందులో ఏదో రంగు కలిపారని అర్థం. అది చాలాసార్లు పీపీడీయే. పిల్లల చేతికి పెట్టిన ఆ నల్ల డిజైను, పదేళ్ల తరవాత వాళ్లు మొదటిసారి తలకు రంగు వేసుకున్న రోజు ముఖం ఉబ్బించవచ్చు.

మరి తల నెరిస్తే? ఉత్త గోరింటాకు పొడి, దాని తరవాత ఉత్త నీలి ఆకు పొడి. మొదట గోరింటాకు రెండు మూడు గంటలు ఉంచి కడిగేసి, తరవాత నీలి పొడిని గోరువెచ్చటి నీళ్లతో కలిపి వెంటనే పెట్టి గంట నుంచి రెండు గంటలు ఉంచాలి. కడగగానే పచ్చగా కనిపిస్తుంది, గాలి తగిలి ఒకటి రెండు రోజుల్లో ముదురు గోధుమ నలుపుకు దిగుతుంది. రెండు పొడులను విడివిడిగా కొనండి, కలిపి అమ్మేదాన్ని నమ్మకండి. మొదటిసారి మోచేతి మడతలో చుక్క పెట్టి 48 గంటలు చూసుకోండి. ఈ మధ్య పీపీడీని కొంచెం మార్చి చేసిన రంగులు కూడా వస్తున్నాయి, అలర్జీ ఉన్నవారిలో కొందరికి అవీ పడవు. డాక్టరు పరీక్షించకుండా వాటి జోలికి వెళ్లొద్దు.

నికెల్ తేలినవారు ఇంట్లోని నగలన్నీ పారేయనక్కర లేదు. నికెల్ స్పాట్ టెస్ట్ కిట్‌లో డైమిథైల్ గ్లయాక్సిమ్, అమోనియా ద్రావణాలు రెండు చిన్న సీసాల్లో వస్తాయి. ఇయర్‌బడ్ మీద ఒక్కో చుక్క వేసి, నగలో కనిపించని చోట అర నిమిషం రుద్దాలి. దూది గులాబీ రంగుకు మారితే నికెల్ విడుదలవుతోంది. ఈమె సెట్టులో ముందువైపు పతకం దగ్గర దూది తెల్లగానే ఉంది. మెడ వెనక కొక్కెం దగ్గర, చెవి కమ్మ శీల దగ్గర గులాబీగా మారింది. పైపూత అరిగేది అక్కడే మరి. రంగు మారకపోతే నూటికి నూరు పాళ్లు సురక్షితమని కాదు, చాలా తక్కువ మోతాదులను ఈ పరీక్ష పట్టలేదు.

916 హాల్‌మార్క్ బంగారంలో సాధారణంగా రాగి, వెండి కలుపుతారు కాబట్టి నికెల్ భయం తక్కువ. తెల్ల బంగారంలో నికెల్ ఉండొచ్చు, అడిగి కొనండి. చెవి శీలను టైటానియంది వేయించుకుంటే నికెల్ బాధ తప్పుతుంది. కొక్కేనికి, గుండీకి గోళ్ల పాలిష్ పూయడం కొన్ని రోజుల ఉపశమనమే, పెచ్చు లేవగానే మళ్లీ పూయాలి. పుస్తెల తాడుకు పిన్నీసులు పెట్టుకునే అలవాటు ఉంటే అది ముందు మానాలి.

పీపీడీ ఉన్నవారు గుర్తుపెట్టుకోవాల్సిన చుట్టాలు ఇంకా ఉన్నాయి. నోటి పుండ్ల జెల్, గొంతు బిళ్లలు, మొలల పూతమందుల్లో కొన్నింటిలో ఉండే బెంజోకెయిన్ కొందరికి పడదు. పళ్ల డాక్టరుకు ముందే చెప్పండి. మత్తుకు మామూలుగా వాడే లిడోకెయిన్ వేరే కుటుంబానికి చెందినది, దానితో ఈ చిక్కు రాదు. నల్ల, ముదురు నీలం పాలిస్టర్ లంగాలు, లైనింగులు వేసుకున్నప్పుడు నడుము, తొడలు దురద పెడితే వాటి రంగునూ అనుమానించాలి.

తేలిన పేర్లన్నీ, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ, ఒక చిన్న కార్డు మీద డాక్టరు చేత రాయించుకుని పర్సులో పెట్టుకోండి. పార్లరుకు జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్లినా అది చూపించండి. ఇంతకుముందు ఎవరికో రంగు కలిపిన గిన్నె, బ్రష్, తువ్వాలు మీకు వాడకుండా చూసుకోవచ్చు.